సగంలో ఆగిన భిన్నాల పాఠం

ప్రసూతి సెలవుపై వెళ్తున్న లెక్కల టీచరు, ఆరో తరగతి భిన్నాల యూనిట్‌ను మరో మాస్టారికి అప్పగించాలి. ‘సగం అయింది’ అని రాస్తే ఆయనకేం తెలుస్తుంది?

ఆమె చీటీ ఇలా మొదలైంది: ‘మాస్టారూ, సమాన భిన్నాలు, పోల్చడం పూర్తయ్యాయి. హారాలు వేరైన కూడిక ఇంకా మొదలుపెట్టలేదు. కొందరు 1/2 + 1/3 = 2/5 అంటున్నారు. అప్పుడే క.సా.గు. జోలికి పోకండి.’

తర్వాతి పీరియడ్‌కు దారీ చూపింది. ఆరు గళ్ల కాగితం పట్టీ ఇవ్వాలి. సగానికి మూడు గళ్లు, మూడో వంతుకు రెండు గళ్లు రంగు వేస్తే ఐదు నిండుతాయి. జవాబు 5/6. రెండు భాగాలు కలిపినా 2/5 సగం కన్నా తక్కువెలా అయిందో పిల్లలే పట్టుకోవాలి. క.సా.గు. ఆ తర్వాతే.

చివర ఒకే లెక్క: 1/4 + 1/6. బొమ్మ లేకుండా 5/12 రాసినవారు తీసివేతకు వెళ్లొచ్చు. 2/10 రాసినవారికి మళ్లీ పట్టీ, ఈసారి పన్నెండు గళ్లతో.