స్లీపోవర్‌కి పంపలేమని చెప్పేదెలా?

శనివారం సాయంత్రం పుట్టినరోజు కేకు, ఆపైన సినిమా, రాత్రికి స్నేహితురాళ్లంతా అక్కడే పడక. స్లీపోవర్ సరదా మన అపార్ట్‌మెంట్లలోకీ వచ్చేసింది. వాట్సాప్‌లో పిలుపు రాగానే నాలుగో తరగతి పిల్ల గంతులేస్తుంది. అమ్మానాన్నలకు పంపడం ఇష్టముండదు. అలాగని రోజూ లిఫ్టులో కలిసేవాళ్లను నొప్పించనూ లేరు.

చాలామంది ‘ఆ రోజు ఊరెళ్తున్నాం’ అనేస్తారు. సోమవారం బడిలో పిల్ల నోటే అసలు సంగతి బయటపడుతుంది. పడకపోయినా వచ్చే నెల మళ్లీ పిలుస్తారు. ‘మా పాపకు భయమండీ’ అని పిల్ల మీదికి నెడితే, ఆ మాట తరగతిలో ఎగతాళిగా తేలుతుంది. అంతకంటే ఇలా రాయడం మేలు:

“మా పాపను పిలిచినందుకు చాలా సంతోషమండీ. పొద్దుటి నుంచీ అదే ముచ్చట. కాకపోతే ఎవరింట్లోనైనా సరే, రాత్రి పడుకోవడానికి ఇప్పుడే పంపకూడదని మేమిద్దరం అనుకున్నాం. చుట్టాలింటికైనా ఇదే మాట. ఏమీ అనుకోకండి. కేకు కోసే వేళకు తీసుకొస్తాను, సినిమా అయ్యాక తొమ్మిదిన్నరకు నేనే వచ్చి తీసుకెళ్తాను. మీకు ఇబ్బంది లేదు కదా? వచ్చే ఆదివారం మీ అమ్మాయిని మా ఇంటికి పంపండి, పగలంతా ఆడుకుంటారు.”

ఇందులో బరువంతా మోసేది ‘ఎవరింట్లోనైనా’ అన్న మాట. అది నిజమై ఉండాలి. పోయిన నెల ఇంకో స్నేహితురాలింటికి పంపి ఉంటే, ఇది వాళ్ల మీద తీర్పులాగే వినిపిస్తుంది. ‘ఇప్పుడే’ అనడం వల్ల పెద్దయ్యాక పంపే వీలూ మిగులుతుంది.

కారణాలు మాత్రం రాయకండి. పిల్లలపై అత్యాచారాల కేసుల్లో నిందితులు 90 శాతానికి పైగా తెలిసినవాళ్లేనని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. కాబట్టి ‘వాళ్లు మంచివాళ్లే కదా’ అన్నది ఒక్కటే చాలదు. ఆ రాత్రి ఆ ఇంటికి ఏ బంధువు వస్తాడో, అన్నయ్య స్నేహితులు ఎవరుంటారో పిలిచినవాళ్లకే ముందుగా తెలియకపోవచ్చు. మీ నిర్ణయానికి ఇది ఆధారం కావచ్చు గానీ, ఉత్తరంలో పెడితే అనుమానించినట్టే.

“మేముంటాం కదా, మా మీద నమ్మకం లేదా?” అని అడిగితే, “ఉంది కాబట్టే తొమ్మిదిన్నర దాకా మీ దగ్గర వదులుతున్నానండీ. రాత్రి సంగతి మాత్రం అందరికీ ఒకటే” అంటే చాలు. మళ్లీ వివరణలకు దిగితే బేరం మొదలవుతుంది.

జవాబు పంపేముందే పిల్లకు చెప్పాలి. అందరూ ఉండగా తనొక్కతే లేచి రావడం దానికి కష్టమే, ఏడుస్తుంది కూడా. చెప్పిన వేళకు మీరూ వెళ్లాలి. పదకొండింటికి వెళ్తే పిల్ల నిద్రలో జోగుతుంటుంది, “ఇంకెందుకండీ, ఇక్కడే పడుకోనివ్వండి” అంటారు. అప్పుడు కాదనడం మొదటిసారి కంటే కష్టం.