సన్నని పట్టీలు చెప్పే వైశాల్యం

ఇంటర్ రెండో ఏడాది గణితంలో నిశ్చిత సమాకలని పాఠం చెప్పేటప్పుడు తెర మీద తరచూ కనిపించే స్లైడు ఒకటుంది. ఒక వంపు గీత, దాని కింద వరసగా నిలబెట్టిన దీర్ఘచతురస్రాలు. తర్వాతి బొమ్మలో వాటి సంఖ్య పెరుగుతుంది, ఒక్కోటీ సన్నబడుతుంది. చివరి బొమ్మలో వంపు కింద మొత్తం రంగు నిండినట్టే ఉంటుంది. పాఠంలోని అసలు వాదన ఆ బొమ్మల్లోనే ఉంది. ఒక ఉదాహరణ పట్టుకుని దాన్ని నిదానంగా చదువుదాం.

y = x² అనే వంపును తీసుకుందాం. x విలువ 0 నుంచి 1 దాకా వెళ్తే, ఈ వంపుకీ కింద ఉన్న x అక్షానికీ మధ్య ఎంత చోటు ఉంది? దీర్ఘచతురస్రం వైశాల్యం మనకు తెలుసు, పొడవును వెడల్పుతో హెచ్చిస్తే చాలు. వంపు అంచుకు అలాంటి సూత్రం లేదు. అందుకే తెలిసిన ఆకారాలతో తెలియని ఆకారాన్ని నింపి చూస్తాం.

0 నుంచి 1 దాకా ఉన్న దూరాన్ని నాలుగు సమభాగాలు చేద్దాం. ఒక్కో పట్టీ వెడల్పు 0.25. ఎత్తు ఎంత పెట్టాలన్నదే ప్రశ్న. పట్టీ ఎడమ అంచు దగ్గర వంపు ఎంత ఎత్తులో ఉందో అంతే పెడితే, పట్టీలన్నీ వంపు లోపలే ఉండిపోతాయి. వాటి మొత్తం 0.21875. కుడి అంచు దగ్గరి ఎత్తు పెడితే, పట్టీలు వంపును దాటి పైకి పొడుచుకొస్తాయి. అప్పుడు మొత్తం 0.46875. మొదటిది తక్కువ, రెండోది ఎక్కువ. అసలు వైశాల్యం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉండి తీరాలి.

ఇప్పుడు స్లైడులో ఒక్కచోట బాగా దగ్గరగా చూడండి. ప్రతి పట్టీలోనూ తక్కువ ఎత్తుకీ ఎక్కువ ఎత్తుకీ మధ్య ఒక చిన్న పెట్టె మిగులుతుంది. ఆ నాలుగు పెట్టెల్నీ పక్కకి జరిపి చివరి పట్టీలో ఒకదాని మీద ఒకటి పేరిస్తే, సరిగ్గా 1 ఎత్తు, 0.25 వెడల్పు ఉన్న ఒకే నిలువు పట్టీ అవుతుంది. మన అంచనాలో ఉన్న అనిశ్చితి అంతా అదే. పది పట్టీలు చేస్తే ఆ తేడా 0.1కి తగ్గుతుంది, మొత్తాలు 0.285, 0.385 అవుతాయి. వంద చేస్తే తేడా 0.01, మొత్తాలు 0.32835, 0.33835. పట్టీలు పెంచుకుంటూ పోతే ఈ తేడాను ఎంత కావాలంటే అంత చిన్నది చేయవచ్చు.

రెండూ ఎక్కడ కలుస్తాయో ఊహించనక్కర్లేదు. n పట్టీలు వేస్తే, కుడి మొత్తం అంటే 1 నుంచి n దాకా ఉన్న సంఖ్యల వర్గాలను కూడి n³తో భాగించడమే. ఆ వర్గాల మొత్తానికి సూత్రం క్రీ.శ. 499 నాటి ‘ఆర్యభటీయం’లోనే ఉంది. దాన్ని వాడి సవరిస్తే కుడి మొత్తం ఇలా తేలుతుంది:

1/3 + 1/(2n) + 1/(6n²)

n పెరిగేకొద్దీ చివరి రెండు పదాలూ సున్నాకి దగ్గరవుతాయి. మిగిలేది 1/3. ఎడమ మొత్తం కూడా కింది నుంచి అక్కడికే చేరుతుంది. ఆ అవధినే నిశ్చిత సమాకలని అంటాం.

∫₀¹ x² dx = 1/3

లైబ్నిట్జ్ 1675లో వాడటం మొదలుపెట్టిన ∫ గుర్తు, సాగదీసిన S అక్షరం. అది మొత్తాన్ని సూచిస్తుంది. x² పట్టీ ఎత్తు, dx దాని వెడల్పు. స్లైడులోని బొమ్మే ఈ రాతలోనూ ఉంది.

ఇక్కడ విద్యార్థులకు సహజంగా వచ్చే సందేహం ఒకటుంది. వెడల్పు సున్నా అయిపోతే ప్రతి పట్టీ వైశాల్యమూ సున్నాయే కదా, సున్నాలన్నీ కూడితే 1/3 ఎలా వస్తుంది? మనం సున్నా వెడల్పున్న పట్టీలను ఎప్పుడూ కూడలేదు. ప్రతి దశలోనూ వెడల్పు ఎంతో కొంత ఉంది. వెడల్పు తగ్గిన మేరకు పట్టీల సంఖ్య పెరిగింది. ముందు కూడాం, ఆ మొత్తాలు ఎటు పోతున్నాయో తర్వాత చూశాం. ఈ వరస తలకిందులు చేస్తేనే చిక్కు వస్తుంది.

మరో జాగ్రత్త కూడా అవసరం. వంపు x అక్షానికి కిందికి దిగితే ఎత్తు రుణాత్మకం అవుతుంది, ఆ పట్టీలు మొత్తం నుంచి తీసివేతకు వస్తాయి. y = x గీతను −1 నుంచి 1 దాకా తీసుకుంటే సమాకలని విలువ 0. బొమ్మలో మాత్రం రెండు త్రిభుజాలు కలిపి 1 యూనిట్ వైశాల్యం ఉంది. కాబట్టి వైశాల్యం అడిగినప్పుడు, వంపు అక్షాన్ని ఎక్కడ దాటుతుందో ముందు చూసి, అక్కడ ముక్కలు చేసి, కింది ముక్క గుర్తు మార్చి కలపాలి.

సూత్రంతో లెక్క చేసినా ఈ పట్టీలు పనికొస్తాయి. x² లాగా ఎడతెగక పెరిగే వంపయితే, నాలుగు పట్టీలతో కింది మొత్తం, పై మొత్తం వేసి చూడండి. మీ జవాబు ఆ రెండింటి మధ్య లేకపోతే లెక్కలో ఎక్కడో తప్పు దొర్లిందన్నమాటే.