ప్రొబేషన్ గడువు ముగిసేలోపు

విజయవాడలో ఒక మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర బిల్లింగ్ పనికి ఒకమ్మాయి చేరిందనుకుందాం. ప్రొబేషన్ ఆరు నెలలు, అవసరమైతే మరో మూడు నెలలు పొడిగించవచ్చని అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఉంది. ఐదో నెల చివర మేనేజర్ ఫైల్లో ఒకే ముక్క రాశాడు: ‘పని సంతృప్తికరంగా లేదు.’

దీన్ని పట్టుకుని ఎవరూ ఏమీ తేల్చలేరు. అదే మేనేజర్ మూడో నెలలో ఇలా రాసి ఉంటే? ‘ఈ నెల 220 బిల్లుల్లో 14 వెనక్కొచ్చాయి. 9 బిల్లుల్లో బ్యాచ్ నంబరు తప్పు. 10వ తేదీన కూర్చోబెట్టి చూపించాం. వచ్చే నెల 5కు మించకూడదని చెప్పాం.’ కింద ఆమె సంతకం, పక్కన ఆమె మాట: ‘కొత్త సాఫ్ట్‌వేర్ మీద శిక్షణ ఇవ్వలేదు.’ ఆ మాట రాయనివ్వడం చాలా ముఖ్యం. సంస్థ లోపం బయటపడేది అక్కడే.

తర్వాత శిక్షణ ఇచ్చారు. ఐదో నెలకు తప్పులు 6కు తగ్గాయి. లక్ష్యం అందలేదు గానీ మెరుగుదల కనబడుతోంది, ఆలస్యంలో సంస్థ వాటా కూడా ఉంది. నా లెక్కన ఇక్కడ పొడిగింపే న్యాయం. తప్పులు తగ్గకపోయి ఉంటే, అదే కాగితం ఉద్యోగం ముగించడానికి ఆధారమయ్యేది. నిర్ణయం చెప్పడానికి ఇబ్బందిపడి పొడిగించడం మాత్రం ఆమెకూ మేలు చేయదు.

పొడిగింపు లెటర్ గడువు ముగిసేలోపే చేతికి అందాలి. కారణం, కొత్త గడువు, అందుకోవలసిన లక్ష్యం అందులో ఉండాలి. ఏమీ ఇవ్వకుండా ఊరుకుంటే చిక్కే. పంజాబ్ ప్రభుత్వ ఉపాధ్యాయుడు ధరమ్‌సింగ్ కేసులో, నిబంధనలు పెట్టిన గరిష్ఠ గడువు దాటాక కూడా కొనసాగించారు కాబట్టి అతను పర్మనెంట్ అయినట్టేనని 1968లో సుప్రీంకోర్టు తేల్చింది. అన్నిచోట్లా అలా కాదు. కన్ఫర్మేషన్ ఉత్తర్వు ఇస్తేనే పర్మనెంట్ అని నిబంధన ఉంటే గడువు దాటినంత మాత్రాన సరిపోదు. ప్రైవేటు సంస్థల్లో ముందు చూడాల్సింది అపాయింట్‌మెంట్ లెటర్‌లోని మాటలే.

ముగించే లెటర్‌లో మరో జాగ్రత్త కావాలి. పని సరిపోలేదనడం వేరు, డబ్బు కాజేసిందనడం వేరు. రెండోది విచారణ జరిపి తేల్చాల్సిన ఆరోపణ. కలకత్తాలోని ఒక ప్రభుత్వ పరిశోధన కేంద్రానికి సంబంధించిన దీప్తి ప్రకాశ్ బెనర్జీ కేసులో, ఉత్తర్వులోనే కాక అది ప్రస్తావించిన పాత లేఖల్లో ఉన్న నింద కూడా లెక్కలోకి వస్తుందని 1999లో సుప్రీంకోర్టు చెప్పింది. లెటర్ పైకి మర్యాదగా ఉంటే చాలదన్నమాట.

ఉద్యోగం కొత్తగా చేరినవాళ్లు ప్రతి సమీక్ష కాగితం నకలు అడిగి తీసుకోండి. ఒప్పుకోలేని మాట ఉంటే సంతకం పక్కనే, తేదీతో సహా, మీ మాట కూడా రాయండి.