ఫ్యాను రెండులోనే ఎందుకు వణుకుతుంది?

సిక్ రూములో ఇనుప స్టూలు మీద ఉన్న టేబులు ఫ్యానును మీరందరూ చూసే ఉంటారు. ఒకటిలో పెడితే మెల్లగా తిరుగుతుంది. రెండులో పెడితే స్టూలుతో సహా గడగడ వణికి, అంచు దాకా జరుగుతుంది. మూడులో పెడితే మళ్లీ తగ్గిపోతుంది. స్పీడు పెరిగితే వణుకు కూడా పెరగాలి కదా! మరి ఎందుకిలా?

ఉయ్యాలను గమనించండి. దానికొక సొంత ఊపు ఉంటుంది. ఆ ఊపుకి సరిగ్గా తోస్తే చిన్న తోపుకే పైకి లేస్తుంది. దీన్నే అనునాదం అంటారు. ఫ్యాను, స్టూలు కలిసి కూడా ఒక ఉయ్యాల లాంటివే. రెక్కల బరువు కొంచెం తేడాగా ఉంటే తిరిగిన ప్రతిసారీ ఒక తోపు పడుతుంది.

ఆ సొంత ఊపు కనుక్కోవడానికి సైన్సు మాష్టారి ఫోను వాడాం. ఫోనులో కదలికను కొలిచే యాక్సిలరోమీటరు ఉంటుంది. phyphox అనే యాప్‌లో Acceleration Spectrum తెరిస్తే, కలిసిపోయిన కదలికలను విడదీసి గీతగా చూపిస్తుంది. థింసాలో డప్పు, మోరి కలిసి మోగినా మన చెవి దేనికది పోల్చుకుంటుంది చూడండి, అలాగన్నమాట.

ముందు ప్లగ్గు తీసేశాం. ఫోనును మోటారు వెనక రబ్బరు బ్యాండ్లతో గట్టిగా కట్టాం. వదులుగా ఉంటే ఫోను తన వణుకునే చూపిస్తుంది. తర్వాత మోటారును చెప్పుతో పక్క నుంచి ఒక్కటి తట్టి, వణుకు ఆగాక మళ్లీ తట్టాం. ఎక్కడ తట్టినా గీతలో శిఖరం 18 దగ్గరే వచ్చింది. అంటే సెకనుకి 18 ఊపులు, 18 హెర్ట్‌జ్.

తర్వాత ఫ్యాను వేసి చూశాం. శిఖరం ఒకటిలో 15, రెండులో 18, మూడులో 22 దగ్గర వచ్చింది. ఇవి రెక్కలు సెకనుకి తిరిగే చుట్లు. స్పీడు మారిస్తే జరిగే శిఖరం రెక్కలది. ఫ్యాను ఆపి తట్టినా కనిపించేది సొంత ఊపు. రెండులో ఆ రెండూ ఒకచోట కలిశాయి, అందుకే అంత వణుకు!

స్టూలు తీసేసి ఫ్యానును నేల మీద పెట్టి మళ్లీ తట్టాం. ఈసారి శిఖరం 26కి పోయింది. గట్టి ఆధారం ఉంటే ఊపు వేగం పెరుగుతుంది, బరువు చేరిస్తే తగ్గుతుంది. ఫోను బరువు కూడా కొంచెం తగ్గిస్తుంది కాబట్టి అసలు విలువ ఇంకాస్త ఎక్కువే ఉంటుంది. ఇప్పుడు మూడు స్పీడుల్లో ఏదీ 26ని తాకదు. రెండులో పెట్టినా ఫ్యాను కదలడం లేదు.

ఒక హద్దు ఉంది. మాష్టారి ఫోను సెకనుకి 200 సార్లే కొలుస్తుంది. అందులో సగం, అంటే 100 హెర్ట్‌జ్ దాటిన వణుకును అది సరిగా చూపలేదు. ఫ్యానుకి అది చాలు.

సిక్ రూములో ఉన్నవాళ్లు ఫ్యానును మళ్లీ స్టూలు ఎక్కించకండి. ఎక్కించక తప్పకపోతే రెండులో మాత్రం పెట్టకండి.

— 9వ తరగతి విద్యార్థిని