కోడి మొత్తంగా కొనాలా, బోన్‌లెస్ కొనాలా: కాటా మీద తేలే లెక్క

చికెన్ దుకాణం బోర్డు మీద ఒకే కోడికి నాలుగు ధరలుంటాయి: లైవ్, స్కిన్, స్కిన్‌లెస్, బోన్‌లెస్. పైనుంచి కిందికి వచ్చేకొద్దీ ధర పెరుగుతుంది. దుకాణదారు శుభ్రం చేసిన పనికి, తీసిపారేసిన బరువుకి కలిపి ఆ తేడా వసూలు చేస్తాడు. ఆ తేడా న్యాయమైనదా, లేక కోడి మొత్తంగా తెచ్చి వంటింట్లో కోసుకుంటేనే లాభమా అన్నది బోర్డు చూసి తేల్చలేం. కొన్న బరువులో వంటకు పనికొచ్చేది ఎంత, మిగిలినదానిలో ధర పలికేది ఎంత, చెత్తబుట్టకు పోయేది ఎంత అని తూచి చూడాలి. హోటల్ వంటశాలల్లో దీన్ని ఈల్డ్ టెస్ట్ అంటారు. పేరు పెద్దదే గాని కావలసింది ఒక మంచి కాటా, ఒక కాగితం, కోత తెలిసిన చెయ్యి.

చికెన్ 65, పకోడీ లాంటివి రోజూ చేసే ఒక చిన్న హోటల్‌ను ఉదాహరణగా తీసుకుందాం. దానికి ముఖ్యంగా కావలసింది బోన్‌లెస్. శుభ్రం చేసిన కోళ్లను తోలుతో సహా మొత్తంగా కిలో 200 రూపాయలకు కొనవచ్చు, లేదా కిలో 380కి బోన్‌లెస్ కొనవచ్చు. ఈ ధరలు లెక్క చూపడానికి వేసుకున్నవి. ఊరిని బట్టి, సీజన్‌ని బట్టి అవి మారినా లెక్క నడిచే తీరు మారదు.

ఒక్క కోడితో పరీక్ష చేస్తే ఫలితం మీద నమ్మకం పెట్టుకోలేం. ఒక పక్షికి ఛాతీ బలంగా ఉండవచ్చు, మరొకదానికి కొవ్వు ఎక్కువ ఉండవచ్చు. అందుకే ఒకే సైజువి పది కోళ్లు తీసుకోవడం మేలు. ముందుగా మొత్తం తూచాలి, అదీ కడగకముందే తూచాలి. కడిగిన కోడి తోలు కింద, కడుపులో నీళ్లు పట్టుకుంటుంది. తడి కారుతుండగా తూస్తే ఆ నీళ్లు కూడా మాంసం లెక్కలోకి ఎక్కుతాయి. దుకాణం నుంచే తడిగా వస్తే జల్లెడ మీద పావుగంట వాడ్చి తూచాలి. అలా కారిన నీటి బరువును విడిగా రాసుకోవడం మంచిది, ఎందుకంటే దానికి కూడా డబ్బు కట్టారు.

తర్వాత కోత. తొడలు, రెక్కలు, ఛాతీ విడదీసి, తోలు తీసి, ఎముక నుంచి మాంసం వేరు చేస్తారు. ఒక్కో రకానికి ఒక్కో గిన్నె పెట్టి, ఖాళీ గిన్నె బరువు తీసేసి తూయాలి. పదీ ఒకేసారి బల్ల మీద పరచకుండా రెండు మూడు చొప్పున ఫ్రిజ్‌లోంచి తీసి కోస్తే మాంసం చెడిపోదు, ఆరిపోయి బరువు కూడా తగ్గదు.

మన ఉదాహరణలో పది కోళ్లు కలిపి 14 కిలోలు తూగాయనుకుందాం. వాటికి కట్టింది 2,800 రూపాయలు. కోశాక బోన్‌లెస్ 6.60 కిలోలు, రెక్కలు 1.35, కార్జం, కందనకాయ, గుండె కలిపి 0.75, మెడ, వీపు, తక్కిన ఎముకలు 3.20, తోలు, కొవ్వు 1.75 కిలోలు వచ్చాయి. ఇవన్నీ కూడితే 13.65. మిగతా 350 గ్రాములు నీళ్లుగా కారి, బల్లకూ కత్తికీ అంటుకుని పోయింది.

ఈ చివరి అంకెను చాలామంది పట్టించుకోరు. పరీక్ష సరిగా జరిగిందో లేదో చెప్పేది మాత్రం అదే. పద్నాలుగు కిలోల్లో 350 గ్రాములంటే రెండున్నర శాతం, అది మామూలే. అది ఐదారు శాతానికి చేరితే కోళ్లు బాగా నీళ్లు పట్టి వచ్చాయని గాని, ఏదో ఒక గిన్నె తూయడం మరిచారని గాని అర్థం. కూడిన బరువు అసలు బరువు కంటే ఎక్కువ వస్తే మధ్యలో ఎవరో ముక్కలు కడిగారన్నమాట. ఆ రెండు సందర్భాల్లోనూ లెక్క పక్కన పెట్టి పరీక్ష మళ్లీ చేయాలి.

ఇప్పుడు ధర. 2,800ను 6.60తో భాగిస్తే బోన్‌లెస్ కిలో 424 రూపాయలు పడినట్టు కనిపిస్తుంది. అక్కడే ఆగితే మొత్తం కోడి దండగ అనిపిస్తుంది. కాని ఆ డబ్బుకు వచ్చింది బోన్‌లెస్ ఒక్కటే కాదు. రెక్కలను విడిగా కొంటే కిలో 180, కార్జం, కందనకాయలు 140, సూప్ ఎముకలు 40 అనుకుంటే, వీటి విలువ వరుసగా 243, 105, 128 రూపాయలు. మొత్తం 476. తోలుకు విలువ సున్నా. 2,800లోంచి 476 తీసేస్తే 2,324. దాన్ని 6.60తో భాగిస్తే కిలో 352. దీనికి కూలి కలపాలి. పది కోళ్లు కోయడానికి గంటన్నర పట్టి, పనివాడికి గంటకు 80 పడితే 120 రూపాయలు. అంటే కిలోకు మరో 18. మొత్తం 370. దుకాణంలో 380. పది రూపాయల తేడాతో మొత్తం కోడే నయం.

ఈ పది రూపాయలు ఎంత నాజూకైనవో చూడాలి. ఎముకలకు 128 రూపాయల విలువ కట్టాం. ఆ హోటల్లో సూప్ గాని, ఎముకల రసంతో చేసే గ్రేవీ గాని లేకపోతే ఆ ఎముకలు సాయంత్రానికి చెత్తబండి ఎక్కుతాయి. అప్పుడు వాటి విలువ సున్నా. బోన్‌లెస్ ధర 370 నుంచి 390కి ఎగబాకి, దుకాణం ధరను దాటిపోతుంది. రెక్కలు కూడా అమ్ముడుపోకపోతే 426. కాబట్టి పక్క భాగాలకు బజారు ధర వేయడం ఒక్కటే చాలదు. ఈ వంటింట్లో ఈ వారం నిజంగా వాడే బరువుకే విలువ కట్టాలి. రోజుకు మూడు కిలోల ఎముకలు వచ్చి, సూప్‌కి కిలోన్నరే పడితే ఆ కిలోన్నరకే డబ్బు వేయాలి. మొత్తం కోడి వల్ల లాభమా నష్టమా అన్నది కత్తి పదునుకన్నా మెనూ మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. మొత్తం కోడి కొన్నామని సంతోషించి ఎముకలు పారేసే వంటశాల, తెలియకుండానే బోన్‌లెస్‌ను బజారు కంటే ఎక్కువ ధరకు కొంటున్నట్టే.

అయితే పరీక్ష ఇక్కడితో పూర్తి కాలేదు. ఇప్పటిదాకా ఒక పక్కనే తూచాం. కొన్న బోన్‌లెస్ కూడా మొత్తంగా వంటకు రాదు. ఫ్రీజ్ చేసిన ప్యాకెట్ అయితే కరిగినప్పుడు నీళ్లు కారతాయి. తాజాదైనా కొవ్వు, నరాలు, మృదులాస్థి ముక్కలు, తీయకుండా వదిలేసిన తోలు ఉంటాయి. ఐదు కిలోలు కొని శుభ్రం చేస్తే 200 గ్రాముల నీళ్లు, 150 గ్రాముల చెత్త పోయి 4.65 కిలోలు మిగిలిందనుకుందాం. 1,900ను 4.65తో భాగిస్తే కిలో అసలు ధర దాదాపు 409. అప్పుడు, ఎముకలు పారేసినా సరే 390కే పడుతున్న మొత్తం కోడి మళ్లీ ముందుకొస్తుంది. రెండు వైపులా ఒకే స్థితిలో, అంటే గిన్నెలో మసాలా పట్టించడానికి సిద్ధంగా ఉన్న ముక్క దగ్గర తూచినప్పుడే పోలిక సమంజసం. కారే నీళ్లు తక్కువగా ఉండే సరుకు ఇచ్చే దుకాణం, కిలోకు పది రూపాయలు ఎక్కువ అడిగినా చౌకే కావచ్చు.

ధర మారిన ప్రతిసారీ కోళ్లు కోసి తూయనక్కర్లేదు. మన ఉదాహరణలో కూలి కలపకముందు బోన్‌లెస్ 352 పడింది, కోడి కొన్నది 200కు. 352ను 200తో భాగిస్తే 1.76. రేపు కోడి ధర 220 అయితే 1.76తో గుణించి 387, కూలి 18 కలిపి 405 అని క్షణంలో తెలుస్తుంది. రెక్కలు, ఎముకల ధరలు కూడా కోడి ధరతోపాటు అదే నిష్పత్తిలో పెరిగాయన్న ఊహ ఇందులో ఉంది. అవి కదలకపోతే అసలు ధర ఇంకొంచెం ఎక్కువే అవుతుంది.

ఆ 1.76 కూడా శాశ్వతం కాదు. కోళ్ల సైజు మారితే మారుతుంది. పెద్ద బ్రాయిలర్‌లో ఎముకతో పోలిస్తే మాంసం వాటా ఎక్కువ, చిన్నదానిలో తక్కువ. కోసేవాడు మారితే ఇంకా మారుతుంది. కొత్త చెయ్యి ఛాతీ ఎముక మీద, తొడ కీలు దగ్గర మాంసం వదిలేస్తుంది. ఎముకల గిన్నె బరువు పెరిగి బోన్‌లెస్ గిన్నె బరువు తగ్గితే దాన్ని అనుమానించాలి. ఎముకలను చెంచాతో గీకి చూస్తే వదిలేసిన మాంసం ఎంతో బయటపడుతుంది. పది కోళ్లలో 300 గ్రాములు ఎముకకు అంటుకుపోతే ఆ 370 కాస్తా 388 అవుతుంది, లాభం అక్కడే ఆవిరవుతుంది.

ఇళ్లకు ఈ లెక్క ఇంత వివరంగా అక్కర్లేదు, ఒక్క ముక్క చాలు. మన పరీక్షలో తోలు, కొవ్వు ఎనిమిదో వంతు. అంటే స్కిన్ ధరను 0.875తో భాగిస్తే స్కిన్‌లెస్‌కి సరైన ధర వస్తుంది. స్కిన్ 200 అయితే అది సుమారు 229. బోర్డు మీద స్కిన్‌లెస్ 225 ఉంటే అదే తీసుకోవచ్చు, 245 ఉంటే స్కిన్‌ది కొని తోలు ఇంట్లో తీసుకోవచ్చు. లైవ్ ధరతో పోల్చడం దీనికంటే కష్టం. ఈకలు, రక్తం, పేగులు, తల, కాళ్లు పోగా తోలుతో మిగిలేది బతికున్న బరువులో ఇంచుమించు 70 నుంచి 75 శాతం. తూచేముందు కోడి తిన్న దాణా, తాగిన నీళ్లు కూడా కాటా మీదకు ఎక్కుతాయి.

మేక విషయంలో ఈ చిక్కు మరీ ఎక్కువ. బతికున్న బరువులో చర్మం, తల, కాళ్లు, పేగులు పోగా మిగిలేది దాదాపు సగమే, తరచూ అంతకంటే తక్కువే. మేసొచ్చిన మేక కడుపు నిండుగా ఉంటుంది కాబట్టి ఆ శాతం ఇంకా పడిపోతుంది. అయితే మటన్‌లో పారేసేది తక్కువ. తలకాయ, కాళ్లు, బోటి, కార్జం అన్నీ విడిగా ధర పలుకుతాయి, ఎముక కూరలోకే పోతుంది. అందుకే కూర ముక్కల కోసమైతే పొట్టేలునో మేకనో మొత్తంగా తీసుకున్నా, కొట్టించిన ముక్క తీసుకున్నా తేడా ప్రధానంగా ఈ పక్క భాగాలు ఎవరికి దక్కుతాయన్న దగ్గరే తేలుతుంది. కీమాకు మాత్రం కోడి బోన్‌లెస్‌కి చేసిన లెక్కే పూర్తిగా చేయాలి. తొడ, జబ్బ విడదీసి, ఎముక, కొవ్వు, పొరలు వేరుగా తూచి, ఎముకకు సూప్ ధర, మిగిలినదానికి సున్నా వేసి, వచ్చిన కిలో ధరను దుకాణం కీమా ధర పక్కన పెట్టాలి. దుకాణం కీమాలో కొవ్వు ఎంత కలిసిందో కూడా చూడాలి. అర కిలో కీమాను నూనె వేయకుండా సన్నటి సెగ మీద వేయించి, ఊరిన కొవ్వును వంచి తూస్తే అది తెలిసిపోతుంది.