మూడు లక్షలు ఎక్కడ పెరిగాయి?

హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ సంఘం ఏడాది మెయింటెనెన్స్‌కు 24 లక్షల బడ్జెట్ వేసుకుందనుకుందాం. మార్చి ఆఖరుకు ఖర్చు 27 లక్షలు తేలింది. మీటింగులో కోశాధికారిని అందరూ అడిగేది ఒకటే: ఆ మూడు లక్షలు దేనికి పోయాయి?

దీనికి సూటిగా జవాబిచ్చేది వాటర్‌ఫాల్ చార్ట్. ఎడమవైపు 24 లక్షల కడ్డీ నిలబడుతుంది. నీళ్ల ట్యాంకర్లకు 3.2 లక్షలు, సెక్యూరిటీకి 0.8, లిఫ్టు రిపేర్లకు 0.6 ఎక్కువయ్యాయి కాబట్టి మెట్లు 28.6 దాకా ఎక్కుతాయి. కరెంటు బిల్లులో లక్ష, తోట ఖర్చులో 0.6 మిగిలాయి కాబట్టి దిగివచ్చి 27 దగ్గర ఆగుతాయి. పెరిగింది 4.6 లక్షలని, మిగిలిన 1.6 లక్షలు దాన్ని కొంత కప్పేశాయని అప్పుడే తెలుస్తుంది. ఎక్సెల్‌లో చివరి కడ్డీకి `Set as total` పెట్టడం మరిచిపోతే అది 27ను మరో పెరుగుదల అనుకుని 54 దాకా ఎక్కేస్తుంది.

ట్యాంకర్ల మెట్టును ఇంకా విడదీయాలి. 400 ట్యాంకర్లు, ఒక్కోటి వెయ్యి రూపాయలు అనుకుంటే, 600 వచ్చాయి, రేటు 1,200 అయింది. అదనంగా తెప్పించిన 200 ట్యాంకర్లకు పాత రేటున 2 లక్షలు. రేటు పెరిగినందుకు 1.2 లక్షలు. మొదటిది బోరు ఎండిపోవడం వల్ల వచ్చిన ఖర్చు కావచ్చు, రెండోది బేరం సంగతి. ఈ రెండిటినీ వేర్వేరు మెట్లుగా చూపిస్తేనే చర్చ పనికొస్తుంది.

మొత్తంలో శాతం ఇక్కడ దారి తప్పిస్తుంది. సెక్యూరిటీ బడ్జెట్ 8 లక్షలు, అంటే 33.3 శాతం. ఖర్చు 8.8 లక్షలకు పెరిగినా, మొత్తం 27 అయింది కనుక వాటా 32.6 శాతానికి తగ్గింది! పెరిగిన ఖర్చు తగ్గినట్టు కనిపిస్తోంది. తేడాలోనే వాటా చూద్దామంటే ట్యాంకర్లది 107 శాతం వస్తుంది. పెరిగినవీ తగ్గినవీ కలిసిన చోట ఆ అంకెకు అర్థం ఉండదు. డబ్బు ప్రధానంగా దేనికి వెళుతోందో చెప్పడానికే శాతాన్ని ఉంచుకోవాలి.

ఎప్పుడు దాటిందో తెలియాలంటే రన్నింగ్ టోటల్ కావాలి. నెలనెలా కూడుతూ పోయే బడ్జెట్ గీత, ఖర్చు గీత పక్కపక్కన వేస్తే అవి విడిపోయిన నెల దొరుకుతుంది. అయితే బడ్జెట్‌ను పన్నెండు సమాన భాగాలు చేస్తే ఇది మోసం చేస్తుంది. లిఫ్టు కంపెనీకి ఏడాది కాంట్రాక్టు 1.2 లక్షలు ఏప్రిల్‌లోనే కట్టేస్తారు. సమాన భాగాల లెక్కలో ఆ నెలకు పదివేలే ఉంటుంది కాబట్టి 1.1 లక్షలు దాటినట్టు కనిపించి, మార్చికి తనంతట తానే సర్దుకుంటుంది. ఆ సొమ్మును ఏప్రిల్‌కే రాసి, ట్యాంకర్ల బడ్జెట్‌లో పెద్ద భాగం వేసవి నెలలకు పెడితే, మే చివర కనిపించే తేడాను నమ్మవచ్చు. ట్యాంకర్ల రేటు గురించి మాట్లాడే వ్యవధి అప్పటికింకా ఉంటుంది.