సుద్దముక్కతో మైలేజీ

సైకిల్ చక్రం ఒక్కసారి తిరిగితే, దాని చుట్టుకొలత అంత దూరం ముందుకు కదులుతుంది. అడ్డుకొలత 70 సెంటీమీటర్లుంటే, దాన్ని 22/7తో గుణిస్తే 220 సెంటీమీటర్లు. కిలోమీటరంటే లక్ష సెంటీమీటర్లు; 220తో భాగిస్తే సుమారు 455 చుట్లు. అదే లెక్కను తిరగేస్తే, 1000 చుట్లకు 2.2 కిలోమీటర్లు.

కానీ మనిషి ఎక్కగానే టైరు కాస్త అణుగుతుంది. చుట్టుకు 217 సెంటీమీటర్లే సాగితే 1000 చుట్లకు 2,170 మీటర్లే. 220కి సెట్ చేసిన మీటరు 30 మీటర్లు ఎక్కువ చూపిస్తుంది.

అందుకే టైరు మీద, దాని కిందే నేల మీద సుద్దతో గీత పెట్టాలి. సీటుపై కూర్చుని తిన్నగా మూడు చుట్లు నడపాలి. టైరు గీత మూడోసారి నేలను తాకినచోటు దాకా టేపుతో కొలిచి, మూడుతో భాగించాలి. మీటరులో వేయాల్సిన అంకె అదే.